పలకరింపులో ఎదుటివాళ్ల శ్రుతి అందుకోవడం ఎలా

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా సెక్షన్లో ఒక సీనియర్ ఆవిడ ఉండేవారు. పొద్దున్నే ఎదురుపడితే తల కొంచెం వంచి, పక్కవాళ్లకి కూడా వినపడనంత మెల్లగా "నమస్కారమండీ" అనేవారు, అంతే. నేనేమో చెయ్యి పైకెత్తి "హాయ్ మేడమ్, గుడ్ మార్నింగ్, ఏంటి విశేషాలు!" అని హాలు మొత్తం తిరిగి చూసేలా అనేవాణ్ణి. నా లెక్కలో అది కలుపుగోలుతనం. రెండు వారాలు తిరక్కుండానే నేను కనపడగానే ఆవిడ ఫోన్ బయటికి తీయడం మొదలుపెట్టారు, మూడో వారానికి వేరే మెట్ల మీద నుంచి వెళ్లడం మొదలుపెట్టారు. నన్ను ఏమీ అనలేదు, ఇంకెవరితోనూ చెప్పినట్టు కూడా లేదు. కానీ పని మీద ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఇద్దరికీ ఇబ్బందే.

గట్టిగా మాట్లాడటమే నా తప్పు అని చాలాకాలం అనుకున్నాను. అసలు తప్పు అది కాదు. ఆవిడ ఒక పలకరింపు ఇస్తే నేను దాన్ని అందుకోకుండా, ముందే తయారుగా పెట్టుకున్న నా పలకరింపు ఆవిడ మీద గుమ్మరించాను. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ మొదటి పది సెకన్ల గురించే. ఎదుటి మనిషి పలకరించిన తీరును ఎలా వినాలి, మీ జవాబును దానికి ఎంతవరకు దగ్గర చేయాలి, ఎక్కడ ఆగాలి.

ముందు రెండు విషయాలు విడదీసుకోండి

పలకరింపులో మర్యాద ఒకటి, ఊపు ఇంకొకటి. మర్యాద అంటే మీరు అన్నారా నువ్వు అన్నారా, పేరు చివర గారు పెట్టారా, నమస్కారం అన్నారా హాయ్ అన్నారా అన్నది. ఊపు అంటే గొంతు ఎంత పెద్దది, మాట ఎంత వేగం, ముఖం ఎంత వెలిగింది, చేతులు ఎంత కదిలాయి అన్నది. చాలామంది ఈ రెండూ ఒకే తాడుకు కట్టి ఉంటాయనుకుంటారు, అంటే మర్యాద పెరిగితే ఊపు తగ్గాలి, ఊపు పెరిగితే మర్యాద సడలాలి అని. అలా ఏమీ లేదు. "రండి రండి రండి, నమస్కారమండీ, ఎన్నాళ్లయింది మిమ్మల్ని చూసి!" అనే మనిషిలో రెండూ నిండుగా ఉన్నాయి. నిద్రకళ్లతో "ఆ, వచ్చావా" అనే స్నేహితుడిలో రెండూ లేవు, అయినా వాడికి మీ మీద కోపమేమీ లేదు.

తాడు కట్టుకోవడం వల్ల జరిగే పొరపాటు ఎలా ఉంటుందంటే, మొదటి మనిషి ఉత్సాహం చూసి మనం రెండో నిమిషంలోనే "నువ్వు" దాకా వెళ్లిపోతాం, ఆయన ముఖంలో చిన్న మార్పు వస్తుంది, ఎందుకో అర్థం కాదు. ఆయన ఉత్సాహంగా పలకరించారు కానీ చనువు ఇవ్వలేదు. స్నేహితుడి విషయంలో దీనికి తిరగబడి జరుగుతుంది. వాడు నీరసంగా అన్నాడని మనం బిగుసుకుపోయి "బిజీగా ఉన్నట్టున్నారు, తర్వాత వస్తాలెండి" అంటాం, వాడు నిద్రమత్తు వదిలి "ఏమైందిరా నీకు" అంటాడు.

నేను పాటించే కొలత ఇది: మర్యాదలో వాళ్లతో సమానంగా లేదా ఒక మెట్టు ఎక్కువగా ఉండండి, ఊపులో మాత్రం మీకూ వాళ్లకూ మధ్య ఉన్న దూరంలో సగమే నడవండి. సగం ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మర్యాద సమానం అంటే అదే మాట తిరిగి అనడం కాదు

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "వాళ్లు ఎలా పిలిస్తే మీరూ అలాగే పిలవండి" అంటారు. మీకంటే ముప్పై ఏళ్లు పెద్దావిడ "ఏమ్మా, బాగున్నావా" అంటే "ఆ, నువ్వు బాగున్నావా" అని తిరిగి అంటారా?

రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే ఇద్దరు 1960లో ఈ నువ్వు, మీరు లాంటి జంట పదాల మీద ఒక వ్యాసం రాశారు. వాళ్లు ఎక్కువగా చూసింది యూరప్ భాషలనే అయినా వాళ్లు చెప్పిన తేడా మనకూ అతికినట్టు సరిపోతుంది. ఈ పదాల వాడుకను నడిపించేవి రెండు, ఒకటి హోదా, రెండోది చనువు. హోదా లెక్కలో మాట ఒకవైపే నడుస్తుంది, పెద్దవాళ్లు నువ్వు అంటారు, చిన్నవాళ్లు మీరు అంటారు, అది ఇద్దరికీ ఇబ్బంది కాదు. చనువు లెక్కలో ఇద్దరూ ఒకటే వాడతారు.

అందుకని ఎవరైనా మిమ్మల్ని నువ్వు అన్నప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది, అది పెద్దరికంతో వచ్చిన నువ్వా, స్నేహంతో వచ్చిన నువ్వా అన్నది. పెద్దరికంతో వచ్చినదైతే మీ సర్వనామాన్ని కదిలించకండి, ఆవిడ చూపించిన ఆప్యాయతను గొంతులోకి తెచ్చుకోండి. "బాగున్నానండీ! మీరెలా ఉన్నారు, మోకాలు నొప్పి తగ్గిందా?" అన్నప్పుడు మీ సర్వనామం "మీరు"గానే ఉంది, కానీ గుర్తుపెట్టుకుని అడిగిన ఆ చిన్న ప్రశ్న ఆవిడ చూపించిన దగ్గరితనానికి సరిపోయింది. అదే మాటలు ముఖం చూడకుండా, "బాగున్నానండీ" దగ్గర ఆపేస్తే పైకి మర్యాదగానే ఉంటుంది కానీ ఆవిడ చాపిన చెయ్యి గాల్లో ఉండిపోతుంది.

మీ వయసువాళ్లే, మీ స్థాయివాళ్లే మొదటిసారి కలిసి నువ్వు అంటే అది ఎక్కువసార్లు చనువుకు పిలుపే. వెంటనే నువ్వు అనడానికి నోరు రాకపోతే ఒకటి రెండు వాక్యాలు సర్వనామమే లేకుండా నెట్టుకురావచ్చు, మన భాషలో ఆ వీలు ఉంది: "ఎక్కడిదాకా వచ్చింది పని?" "ఎలా జరిగింది నిన్నటి మీటింగ్?" ఇలా ఒక నిమిషం గడిస్తే నోరు దానంతట అదే ఏదో ఒక వైపు స్థిరపడుతుంది.

నోరు తెరవకముందే దూరం నుంచి చదవండి

1973లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం ఆడమ్ కెండన్, ఆండ్రూ ఫెర్బర్ అనే పరిశోధకులు ఆరుబయట జరిగిన ఒక పుట్టినరోజు వేడుకను సినిమా తీసి, వచ్చినవాళ్లు ఒకరినొకరు ఎలా పలకరించుకుంటున్నారో ముక్కలు ముక్కలుగా చూశారు. పలకరింపు మాటతో మొదలవదని అందులో స్పష్టంగా కనపడుతుంది. ముందు ఒకరినొకరు చూసుకుంటారు, తర్వాత దూరం నుంచే చెయ్యి ఊపడమో తల ఆడించడమో జరుగుతుంది, ఆ తర్వాత దగ్గరికి నడిచే సమయంలో చాలామంది చూపు పక్కకు తిప్పుకుంటారు, మళ్లీ బాగా దగ్గరికి వచ్చాక కళ్లు కలిపి, నవ్వి, అప్పుడు మాట కలుపుతారు.

దీన్ని మీరు వాడుకోవాల్సింది ఇలా. దూరం నుంచి వచ్చిన సైగే అవతలి మనిషి ఆరోజు ఎంత పలకరింపుకు సిద్ధంగా ఉన్నారో చెప్పేస్తుంది. తల ఊపితే తల ఊపండి, చెయ్యి ఎత్తితే చెయ్యి ఎత్తండి, అంతకంటే పెద్దది చేయకండి. తల ఊపుకు జవాబుగా ఇరవై అడుగుల దూరం నుంచి పేరు పెట్టి కేక వేస్తే, ఆ మనిషి తన దగ్గరికి మీరు వచ్చేదాకా ఆ కేకను మోస్తూ నిలబడాలి.

పొడుగాటి వరండాలో ఇద్దరు ఎదురెదురుగా నడుస్తున్నప్పుడు వచ్చే ఆ టెన్షన్ తెలుసు కదా, చూస్తూనే ఉండాలా, నవ్వుతూనే ఉండాలా, అప్పుడే పలకరించాలా అని? ఏమీ చేయనక్కర్లేదు. ఒకసారి తల ఊపాక మామూలుగా చూపు తిప్పుకుని నడవండి, అందరూ చేసేదే అది. నాలుగైదు అడుగుల దూరంలోకి వచ్చాక మళ్లీ చూడండి. అప్పుడు వాళ్లు అడుగు నెమ్మదించారా లేదా అన్నది గమనించండి. నెమ్మదిస్తే మాట కోసం ఆగుతున్నట్టు. అదే వేగంతో వస్తుంటే "నమస్తే" అని మీరూ నడుస్తూనే వెళ్లిపోండి, ఆపకండి.

జవాబు ముక్కలు లెక్కపెట్టి ఇవ్వండి

మొదటి మాట విన్నాక ఆలోచించుకోవడానికి సమయం చాలా తక్కువ. పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో కొలిచి 2009లో ఒక పరిశోధక బృందం ప్రచురించింది. అది సగటున సెకనులో ఐదో వంతు అటూ ఇటూగా తేలింది. అంటే పలకరింపు విని, ఒకటిన్నర సెకన్లు విశ్లేషించుకుని, సరిగ్గా సరిపోయే జవాబు ఇచ్చినా ఆ ఆలస్యమే అయిష్టంలా వినపడుతుంది. అందుకని విశ్లేషణ వద్దు. ఒక్క చిన్న పని చేయండి, వాళ్ల పలకరింపులో ఎన్ని ముక్కలున్నాయో చూసుకోండి.

"నమస్తే" ఒక ముక్క. "నమస్తే సార్" రెండు, మాటా పిలుపూ. "నమస్తే సార్, బాగున్నారా?" మూడు, చివర ఒక ప్రశ్న కూడా ఉంది. ఎన్ని ముక్కలు వచ్చాయో అన్ని ముక్కలు తిరిగి ఇస్తే చాలాసార్లు శ్రుతి కుదిరిపోతుంది. "నమస్తే సార్, బాగున్నారా?" అన్నదానికి "ఆ, బాగున్నా" అంటే ఒక్కటే ఇచ్చారు, తిరిగి నమస్తే లేదు, తిరిగి అడగడం లేదు. మీకు అది మామూలు జవాబే, విన్నవాళ్లకి మాత్రం తలుపు సగం తెరిచి మూసినట్టు ఉంటుంది. "నమస్తే అండీ, బాగున్నాను, మీరెలా ఉన్నారు?" అంటే లెక్క సరిపోయింది. ఇక "నమస్తే" అని ఒక్క ముక్క ఇచ్చినవాళ్లకి ఐదు ముక్కలు తిరిగి ఇస్తే (నేను ఆ సీనియర్ ఆవిడకు ఇచ్చినట్టు) వాళ్లు బాకీ పడ్డట్టు అవుతుంది, మిగతా నాలుగింటికి ఏం చెప్పాలో తోచక ఫోన్ తీస్తారు.

ఒక్క ముక్క మాత్రం ఎప్పుడైనా ఎక్కువ ఇవ్వచ్చు, అది పిలుపు. "నమస్తే" అన్నవాళ్లకి పేరో అండీనో కలిపి "నమస్తే అండీ" అంటే బరువు పెరగదు, గుర్తించినట్టు మాత్రం అవుతుంది.

"ఎలా ఉన్నారు"కు నిజం చెప్పాలా అన్న సందేహం కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. ఆ ప్రశ్న ఏ వేగంతో వచ్చిందో చూడండి. నడుస్తూ, మాట చివర సాగదీయకుండా అడిగితే అది పలకరింపులో భాగమే, "బాగున్నాను" చాలు, మీ నడుమునొప్పి సంగతి అక్కడ వద్దు. ఆగి, మీ ముఖం చూసి, "ఎలా ఉన్నారూ?" అని కొంచెం సాగదీసి, జవాబు కోసం నోరు మూసుకుంటే అది నిజంగా అడిగినట్టు. అప్పుడు "బాగున్నాను" అని ఒక్క మాటతో తప్పించుకుంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఒక వాక్యం నిజం చెప్పండి, ఒకే వాక్యం: "ఈ వారం కొంచెం అలసటగా ఉందండీ, ఆదివారం దాకా తప్పదు." ఇంకా వినాలనుకుంటే వాళ్లే అడుగుతారు.

ఊపులో సగమే ఎందుకు

మాట్లాడుతుండగా ఇద్దరి తీరూ ఒకదానికొకటి దగ్గరవడాన్ని హోవర్డ్ జైల్స్ అనే ఆయన 1970ల మొదట్నుంచీ అధ్యయనం చేస్తూ వచ్చారు. వేగం, గొంతు, మాటల ఎంపిక కాస్త దగ్గరైతే వినేవాళ్లకి సాధారణంగా బాగుంటుంది. కానీ దగ్గరవడం మితిమీరితే అది వెక్కిరింతలా గానీ, కాకాపట్టినట్టు గానీ వినపడుతుంది. వయసులో పెద్దవాళ్లతో చిన్నపిల్లలతో మాట్లాడినట్టు సాగదీసి, గట్టిగా మాట్లాడేవాళ్లని చూసే ఉంటారు. వాళ్లు సాయం చేస్తున్నామనుకునే చేస్తారు, అవతలివాళ్లకి అది అవమానం.

ఇంకో కారణం చాలా మామూలుది. మీ సహజమైన ఊపు మెల్లగా ఉంటే, ఎవరో ఎగిరి గంతేసినట్టు పలకరించారని మీరూ అంత ఎత్తుకు వెళ్తే, అరనిమిషం కంటే అక్కడ నిలబడలేరు. గొంతు జారిపోతుంది, నవ్వు ఆరిపోతుంది, అప్పటిదాకా చేసింది నటన అని తెలిసిపోతుంది. సగం దూరం వెళ్తే అక్కడ పది నిమిషాలైనా ఉండగలరు. పైగా మీరు సగం వచ్చారని వాళ్లూ తెలియకుండానే కొంచెం దిగుతారు.

సగం ఎలా నడవాలి? గొంతు, వేగం, ముఖం, చేతులు, ఈ నాలుగింటిలో ఒక్కదాన్నే కదిలించండి, మిగతా మూడూ మీ మామూలుగానే ఉంచండి. మెల్లగా మాట్లాడే మనిషికి ముఖం సులువు. గొంతు పెంచకుండానే కళ్లు పెద్దవి చేసి నవ్వితే సరిపోతుంది. గట్టిగా మాట్లాడే అలవాటున్నవాళ్లకి వేగం సులువు. గొంతు తగ్గించమంటే గుసగుసలా వస్తుంది, కానీ వేగం తగ్గిస్తే గొంతు దానితోపాటు దిగుతుంది. నాకు పనికొచ్చింది ఇదే.

ఎంత దగ్గరైనా ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. వాళ్ల యాస మీది కాకపోతే దాన్ని పట్టుకోకండి. వాళ్ల ఊతపదం తిరిగి వాడకండి. మాట తడబడే మనిషి దగ్గర మీరూ ఆగి ఆగి మాట్లాడకండి, మామూలు వేగంతో మాట్లాడి వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగండి. చేతులు కట్టుకుంటే చేతులు కట్టుకోవడం, తల వంచితే తల వంచడం లాంటి అద్దం ఆటలు కావాలని ఆడితే ఏదో ఒక క్షణంలో దొరికిపోతారు.

పలకరింపు చప్పగా వచ్చినప్పుడు

సగం నడవాలన్న సూత్రం ఇక్కడ ఇంకా ముఖ్యం, ఎందుకంటే చప్పటి పలకరింపుకు అంతే చప్పగా జవాబిస్తే ఇద్దరూ గోడల్లా నిలబడిపోతారు. ముందు అది అలసటా, బెరుకా, అయిష్టమా అన్నది చూసుకోండి. అలసిపోయినవాళ్ల గొంతు దిగి ఉంటుంది కానీ ఒంట్లో మెలకువ లేకపోయినా మీ వైపే తిరిగి ఉంటారు. బెరుకున్నవాళ్లు చూపు తప్పిస్తారు కానీ అక్కడి నుంచి కదలరు, మీరు మాట కలిపితే జవాబులు చిన్నగానే అయినా వెంటనే వస్తాయి. మాట్లాడటం ఇష్టం లేనివాళ్ల కాళ్లూ భుజాలూ వేరే వైపుకు తిరిగి ఉంటాయి, జవాబు ఆలస్యంగా వస్తుంది, తిరిగి ప్రశ్న రాదు. ఒక్క గుర్తు చూసి తీర్పు ఇచ్చేయకండి. రెండు మూడు కలిసి వస్తేనే నమ్మండి.

అలసిపోయిన మనిషి దగ్గర గొంతు దించి, మాటలు తగ్గించి, వాళ్లకంటే అర మెట్టు పైన ఉండండి: "రోజంతా తిరిగినట్టున్నారు. కూర్చోండి, తొందరేం లేదు." బెరుకున్న మనిషి దగ్గర ప్రశ్నలు తగ్గించి, మీ గురించి ఒక చిన్న మాట ముందు చెప్పండి, వాళ్లు దాన్ని పట్టుకుని వస్తారు. ఇష్టం లేని మనిషికి వెళ్లడానికి దారి ఇవ్వండి: "సరేనండీ, ఫైలు ఇచ్చి వెళ్తాను, మీ వీలు చూసుకుని చెప్పండి." కోపంతో వచ్చిన పలకరింపును మాత్రం ఏ మెట్టులోనూ అందుకోవద్దు, మర్యాదను అక్కడే ఉంచి వేగం తగ్గించండి.

దీనికి తిరగబడ్డ పరిస్థితి కూడా వస్తుంది. అవతలివాళ్లు పండగలా ఉన్నారు, మీకేమో తలనొప్పి. గొంతు పైకి రానప్పుడు ఆ పని మాటలకు అప్పజెప్పండి. మెల్లటి గొంతుతోనే "మిమ్మల్ని చూడటం చాలా సంతోషంగా ఉందండీ, తల పగిలిపోతోంది కాబట్టి గట్టిగా అనలేకపోతున్నా" అంటే వాళ్లు నవ్వి వాళ్ల గొంతు తగ్గిస్తారు. ఏమీ చెప్పకుండా సన్నగా నవ్వితే మాత్రం, తలనొప్పి వాళ్లకి కనపడదు, మీ చల్లదనమే కనపడుతుంది.

ఒక సందర్భం మొదటి నుంచి చివరిదాకా

పని మీద ఒకావిడను మొదటిసారి కలవాలి అనుకుందాం. ముందు రోజు ఆవిడ నుంచి మెసేజ్: "నమస్కారమండీ. రేపు 11 గంటలకు మీకు వీలవుతుందా?" మూడు గుర్తులున్నాయి, నమస్కారం ఉంది, వాక్యం పూర్తిగా ఉంది, బొమ్మలేవీ లేవు. కాబట్టి "హాయ్ 👍" అనే జవాబు కుదరదు. "నమస్కారమండీ. 11 గంటలకు వస్తాను. ధన్యవాదాలు." ఇంతే, ఇంతకంటే పెంచక్కర్లేదు.

మరుసటి రోజు మీరు చాలా నిదానమైన మనిషిని ఊహించుకుని వెళ్తారు. తలుపు తీయగానే ఆవిడ లేచి, "అయ్యో, మీరేనా! ఫోటోలో ఇంకా పెద్దగా కనపడ్డారండీ, రండి రండి!" అంటారు. రాతలో ఉన్న మనిషి వేరు, ఎదురుగా ఉన్న మనిషి వేరు. ఇలాంటప్పుడు మెసేజ్‌ని పట్టుకుని వేలాడకండి, ఎదురుగా ఉన్నదే లెక్క. కానీ ఒకటి గమనించండి, ఇంత ఊపులోనూ ఆవిడ "అండీ" వదల్లేదు. మర్యాద నిన్నటి చోటే ఉంది, ఊపు ఒక్కటే మారింది. కాబట్టి మీరూ ఊపునే కదిలించాలి. నవ్వుతూ "నేనేనండీ! ఫోటో పాతది, అప్పుడు కొంచెం లావుగా ఉండేవాణ్ణి" అంటే చాలు. ఆవిడ సరదాకు ఒక సరదా, ఆవిడ అండీకి ఒక అండీ.

రెండు నిమిషాలకు "మేడమ్ ఎందుకండీ, పేరు పెట్టి పిలవండి చాలు" అంటారు. ఇప్పుడు మర్యాద ఒక మెట్టు దిగమని పిలుపు వచ్చింది. పిలుపు వచ్చింది కదా అని వట్టి పేరు దాకా ఒకేసారి దూకకండి, పేరు చివర గారు పెట్టండి. ఆవిడ గారు కూడా వద్దంటే అప్పుడు తీసేయండి. అసలు పిలుపే పట్టించుకోకుండా ఇంకా మేడమ్ అంటూనే ఉంటే అది వినయం కాదు, ఆవిడ ఇచ్చినది తిరిగి ఇచ్చేసినట్టు.

ఐదో నిమిషంలో ఆవిడ సహోద్యోగి ఒకాయన లోపలికి వచ్చి, ముఖంలో ఏ కదలికా లేకుండా "నమస్తే" అని కూర్చుంటారు. మీ గొంతు ఇంకా ఆవిడ ఎత్తులోనే ఉంది, దాంతోనే "నమస్తే అండీ, రండి రండి!" అంటే రెండు తప్పులు. మీది కాని గదిలోకి మీరు ఆహ్వానిస్తున్నారు, పైగా ఒక్క ముక్కకు ముప్పేట జవాబిచ్చారు. ఆయన వైపు పూర్తిగా తిరిగి, గొంతు దించి "నమస్తే అండీ" అని, ఒక్క క్షణం ఆగండి. తర్వాత ఆవిడ వైపు తిరిగి మాట కొనసాగించండి, ఈసారి ఇందాకటి కంటే కొంచెం తగ్గించి. ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు నేను చేసేది, మర్యాదలో అందరికంటే ఎక్కువ పాటిస్తున్న మనిషిని కొలతగా పెట్టుకోవడం, ఊపులో మాత్రం ఎవరితో మాట్లాడుతుంటే వాళ్ల వైపు కొంచెం ఒరగడం.

కుదరలేదని ఎలా తెలుస్తుంది, అప్పుడేం చేయాలి

మీ జవాబు ఎక్కువైతే అవతలి మనిషి అర అడుగు వెనక్కి వేస్తారు, లేదా వాళ్ల తర్వాతి మాట మొదటి మాట కంటే చిన్నదవుతుంది, లేదా ఒక్కసారిగా అండీలు పెరుగుతాయి. తక్కువైతే వాళ్లు అదే ప్రశ్న ఇంకోలా అడుగుతారు: "బాగానే ఉన్నారుగా?" ఆ రెండో ప్రశ్న వినపడిందంటే మీ మొదటి జవాబు చాలలేదని అర్థం.

సరిదిద్దడానికి క్షమాపణ అక్కర్లేదు. "అయ్యో, ఎక్కువ చనువు తీసుకున్నానా" అని అడిగితే అవతలివాళ్లు "అబ్బే, లేదండీ" అనక తప్పదు, ఇబ్బంది రెట్టింపవుతుంది. తర్వాతి వాక్యాన్ని సరైన ఎత్తులో అనండి, అంతే. నువ్వు అని నోరు జారితే, తర్వాతి మాట మీరుతో మొదలుపెట్టి ముందుకు వెళ్లిపోండి.

ఆ సీనియర్ ఆవిడ విషయంలో నేనూ అదే చేశాను, కాకపోతే చాలా ఆలస్యంగా. ఒక సోమవారం ఎదురుపడినప్పుడు చెయ్యి ఎత్తకుండా, తల కొంచెం వంచి, "నమస్కారమండీ" అని ఆగకుండా వెళ్లిపోయాను. ఆవిడ నడుస్తూనే ఒకసారి వెనక్కి చూశారు, నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారో ఏమో. రెండో వారానికి ఫోన్ సంచిలోనే ఉండిపోయింది. నెల తర్వాత ఆవిడే ఆగి "నిన్న రాలేదేంటండీ?" అన్నారు, అది ఆవిడ వైపు నుంచి రెండో ముక్క.

అదే రోజు మళ్లీ ఎదురుపడితే

ఇది చిన్న విషయమే కానీ ఆఫీసుల్లో, హాస్టళ్లలో రోజూ ఇబ్బంది పెట్టేది ఇదే. పొద్దున పూర్తిగా పలకరించుకున్నారు, పది నిమిషాల్లో నీళ్ల దగ్గర మళ్లీ కలిశారు, మధ్యాహ్నం లిఫ్ట్ దగ్గర ఇంకోసారి. ప్రతిసారీ "నమస్తే అండీ, ఎలా ఉన్నారు" అంటే పొద్దున అడిగింది మరిచిపోయినట్టు ఉంటుంది. అసలు చూడనట్టు వెళ్లిపోతే పొద్దున జరిగినదంతా మొక్కుబడి అన్నట్టు ఉంటుంది. ప్రతిసారికీ పలకరింపు ఒక మెట్టు తగ్గాలి. రెండోసారి మాట లేకుండా నవ్వు, లేదా కళ్ల ముందున్న దాని గురించి నాలుగు మాటలు: "ఇవాళ మూడు లిఫ్టుల్లో ఒక్కటే తిరుగుతోంది." మూడోసారి కనుబొమలు కొంచెం ఎగరేసి పక్కకు జరిగి దారి ఇస్తే చాలు. సాయంత్రం వెళ్లేటప్పుడు మాత్రం మళ్లీ పొద్దుటి ఎత్తుకు వెళ్లాలి, వాళ్లు "వస్తానండీ" అంటే "మంచిదండీ, రేపు కలుద్దాం" అని ముక్కకు ముక్క.